వాసుకి, కంగారూ సంచి సంగతి

వాగా వాగా, ఆస్ట్రేలియా,
ఆదివారం రాత్రి

ఒరేయ్ వాసూ,

నీ వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. పాప 1.7 కిలోల నుంచి 2.1కి వచ్చిందని చెప్పేటప్పుడు నీ గొంతులో పాత వాసు వినిపించాడు. చెల్లెమ్మ కూడా కాస్త నిద్రపోతోందన్నావు, సంతోషం. ఇక చివర్లో నువ్వడిగిన ప్రశ్న. నర్సమ్మ నీ చొక్కా విప్పించి, పాపను గుండెల మీద బోర్లా పడుకోబెట్టి, "కంగారూ కేర్ సార్, కదలకండి" అందన్నావు. "నువ్వు ఆ దేశంలోనే ఉన్నావు కదరా, అసలు కంగారూ ఏం చేస్తుందో చెప్పు" అన్నావు. ఇక్కడికొచ్చి ఆరేళ్లయినా, ఈ మే నెల దాకా నాకూ సరిగ్గా తెలీదు. ఇప్పుడు తెలుసు. ఎందుకో కూడా చెప్తాను, ఉత్తరం పొడుగైతే తిట్టుకోకు.

ముందు ఆ పేరు సంగతి. అది ఇక్కడ పుట్టింది కాదు. కొలంబియా దేశంలో బొగోటా నగరంలో ఒక పెద్ద ఆసుపత్రిలో ఇంకుబేటర్లు చాలక, ఎడ్గార్ రే అనే డాక్టరుగారు 1978లో నెల తక్కువ పిల్లల్ని తల్లుల రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు ఆనేలా కట్టించి చూశారు. అక్కడి నుంచి ప్రపంచమంతా పాకి మీ ఆసుపత్రి దాకా వచ్చింది. పేరైతే బాగానే కుదిరింది గానీ, అసలు కంగారూ పిల్ల ఎంత తక్కువగా పుడుతుందో తెలిస్తే మన పాప పహిల్వాన్‌లా కనిపిస్తుంది నీకు.

మే నెల మొదటి వారంలో ఒక సాయంత్రం మా పక్కింటావిడ తలుపు కొట్టింది. అరవై దాటిన మనిషి, రిటైరయ్యాక అనాథ అడవి జంతువుల్ని పెంచే లైసెన్సు తీసుకుని వాలంటీరుగా చేస్తోంది. హైవే మీద కారు గుద్దిన కంగారూ ఒకటి పడి ఉందని ఫోనొచ్చిందట, చీకట్లో ఒక్కతే వెళ్లలేను, టార్చి పట్టుకోవడానికి రా అంది. వెళ్లాం. ఆడ కంగారూ, రోడ్డు పక్క గడ్డిలో చనిపోయి ఉంది. బూడిదరంగు ఒంటిది, ఇక్కడ ఈస్టర్న్ గ్రే అంటారు. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని సంచి మూతి మెల్లగా వెడల్పు చేసింది. లోపల గులాబీ రంగులో, ఒక్క వెంట్రుక లేకుండా, కళ్లు మూసుకుని ఒక పిల్ల. కాళ్లూ తోకా మడిచి ముద్దలా ఉంది. నోట్లో చనుమొన.

నేను ఆత్రంగా చెయ్యి పెట్టి తియ్యబోయాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుని ఆపింది. లాగకూడదట. కత్తెర తీసి, ఆ చనుమొనను తల్లి ఒంటి దగ్గర కత్తిరించింది. ముక్క పిల్ల నోట్లోనే ఉంచి, ఆ ముక్క చివర సేఫ్టీ పిన్ను గుచ్చి, పిల్లను చుట్టిన మెత్తటి గుడ్డకు ఆ పిన్ను పెట్టింది, పిల్ల దాన్ని మింగెయ్యకుండా. తర్వాత ఆ గుడ్డ మూటను తన స్వెట్టర్ లోపల, నేరుగా ఒంటికి ఆనేలా దోపుకుంది. నీ నర్సమ్మ చేయించింది సరిగ్గా అదేరా.

ఎందుకు లాగకూడదో తెలియాలంటే పుట్టుక దగ్గర్నుంచి చెప్పాలి. ఇక్కడ ఎర్ర కంగారూ లెక్కలు చెప్తాను, ఎందుకంటే రోజుల ప్రకారం బాగా తేలినవి దానివే. అన్ని కంగారూల పద్ధతీ దాదాపు అదే, రోజులు మారతాయంతే.

ఎర్ర కంగారూ కడుపుతో ఉండేది 33 రోజులు. పుట్టేనాటికి పిల్ల బరువు ఒక గ్రాము కూడా ఉండదు, 0.8 దగ్గర ఉంటుంది. అంటే వేళ్ల మధ్య తీసుకున్న చిటికెడు బియ్యం. పొడవు అంగుళం. తల్లేమో పాతిక ముప్ఫై కిలోలు. మన పాప పుట్టినప్పుడు చెల్లెమ్మ బరువులో ముప్ఫయ్యో వంతు ఉందనుకో, ఈ పిల్ల తల్లి బరువులో ముప్ఫై వేలో వంతు. కళ్లుండే చోట మచ్చలు, చెవులు లేవు, వెనక కాళ్లు రెండు మొగ్గలు. కంగారూ అనగానే మనకు గుర్తొచ్చే ఆ పెద్ద వెనక కాళ్లు అసలు లేనట్టే. కానీ ముందు చేతులు మాత్రం తయారై ఉంటాయి, గోళ్లతో సహా. ముక్కు పనిచేస్తుంది. నోరు పనిచేస్తుంది. ఆ రోజుకు ఏది అవసరమో అదొక్కటే కట్టుకుని వస్తుందన్నమాట, మిగతా ఇల్లంతా తర్వాత.

కాన్పుకు ముందు తల్లి సంచిలో తల దూర్చి శుభ్రంగా నాకి పెట్టుకుంటుంది. తర్వాత వీపు వాల్చి, తోకను కాళ్ల మధ్య నుంచి ముందుకు లాక్కుని కూర్చుంటుంది. పిల్ల బయటికి రాగానే చుట్టూ ఉన్న పొర చించుకుని, తల్లి పొట్ట బొచ్చు పట్టుకుని ఒక చెయ్యి తర్వాత ఒక చెయ్యి వేస్తూ, ఈత కొట్టినట్టు తల అటూ ఇటూ ఊపుతూ పైకి పాకుతుంది. సంచి చేరడానికి పట్టేది మూడు నుంచి ఐదు నిమిషాలు. తల్లి దాన్ని ఎత్తదు, నోట కరవదు, దారి చూపదు. ఆవిడ కారిన తడి నాక్కుంటూ ఉంటుంది, అంతే. పిల్ల దారి తప్పి కింద పడిందా, దాని కథ అక్కడితో సరి. తల్లి వంగి తీసుకోదు.

సంచిలో నాలుగు చనుమొనలుంటాయి. పిల్ల వాటిలో ఒకటి వెతికి పట్టుకుంటుంది. పట్టుకున్నాక ఆ మొన చివర నోట్లో ఉబ్బుతుంది. ఇక ఊడదు. అలా 70 రోజుల పైన అంటుకునే ఉంటుందిరా, ఒక్క క్షణం వదలకుండా. పాలు తాగుతూనే ఊపిరి పీల్చాలి కదా, అందుకు దాని గొంతులో ఒక ఏర్పాటు ఉంది. గాలిగొట్టం పైభాగం ముక్కు వెనక దాకా పైకి జరిగి ఉంటుంది. గాలి నేరుగా లోపలికి పోతుంది, పాలు దానికి రెండు పక్కల నుంచి కిందికి జారతాయి. పొలమారడం అన్నది ఉండదు. మన పాపకు ట్యూబుతో పాలు పట్టినన్నాళ్లు నువ్వెంత టెన్షన్ పడ్డావో గుర్తుందా, అందుకే ఇది చెప్తున్నా.

అంత గట్టిగా పట్టుకున్నదాన్ని లాగితే పిల్ల నోరు చీరుకుపోతుంది, దవడ దెబ్బతింటుంది. ఆవిడ నన్ను ఆపింది అందుకు.

ఈ అతుకు చూసి బోల్తా పడింది నేనొక్కణ్నే కాదులే. 1629లో బటావియా అనే డచ్చి ఓడ పశ్చిమ తీరానికి దగ్గర్లో అబ్రోల్యోస్ దీవుల మీద పగిలిపోయింది. దాని అధికారి ఫ్రాన్సిస్కో పెల్సార్ట్ అక్కడి చిన్న జాతి కంగారూల్ని, అంటే టామర్ వాలబీల్ని చూసి, సంచిలో చిక్కుడు గింజంత పిల్ల మొనకు అతుక్కుని ఉండటం గమనించాడు. చూసింది చూసినట్టు రాసి, ఈ పిల్లలు అక్కడే, చనుమొనల్లోంచే పుట్టుకొస్తాయని తేల్చాడు. కాయ తొడిమకు కాసినట్టు. ఆయన్ను తప్పుపట్టలేం. టార్చి వెలుగులో నాకూ అలాగే అనిపించింది.

నిజానికి ఆ మొన బొడ్డుతాడు పని చేస్తోంది. మనకు తొమ్మిది నెలలు కడుపులో జరిగేదంతా వీటికి పాలతో జరుగుతుంది. ఊపిరితిత్తులు కూడా పుట్టిన నాటికి రెండు పల్చటి తిత్తులే. చిన్న జాతుల పిల్లల్లో మొదటి రోజుల్లో కొంత గాలి చర్మం గుండానే లోపలికి పోతుంది. ఒంటి వేడి నిలుపుకోవడం చేతకాదు, వేడంతా సంచిదే. ఒంటేలూ రెంటేలూ దానంతటది పొయ్యలేదు. తల్లి సంచిలో తల పెట్టి నాకితేనే వస్తాయి, వచ్చింది ఆవిడే మింగేస్తుంది. రోత పడకు, ఎండిన దేశం, ఆ నీళ్లు మళ్లీ పనికొస్తాయి. పైగా సంచి శుభ్రం.

ఇదంతా మా పక్కింటావిడ ఇంట్లో ఒక చిన్న గదిలో జరిగింది. వేడి చేసే దుప్పటి, లోపల నూలు సంచి, బయట ఉన్ని సంచి, మధ్యలో థర్మామీటరు. బొచ్చు లేని పిల్లకు 32 డిగ్రీలు, బొచ్చు వచ్చాక 28. చర్మం ఎండి పగలకుండా రోజూ నూనె రాసేది. ప్రతి పాలకూ ముందు తడి టిష్యూతో కింద తుడుస్తూ తల్లి నాలుకలా ఆడించేది, అప్పుడు గానీ పోసేది కాదు. గదిలో టీవీ లేదు, గట్టిగా మాట్లాడటం లేదు. ఈ పిల్లలు బెదిరితే కండరాలే పాడైపోయి చచ్చిపోతాయట. నేను ఒకసారి ఫోను మోగించి చీవాట్లు తిన్నాను.

ఇక పాలు. ఇక్కడ కాస్త నెమ్మదిగా చదువు, నాకు అన్నిటికన్నా వింతగా అనిపించింది ఇదే.

ఆ రాత్రి ఇంటికొచ్చాక ఫ్రిజ్జులోంచి పాలు తెమ్మంటావా అని అడిగాను. ఆవిడ నావైపు చూసిన చూపు ఉందే! ఆవుపాలలోని చక్కెర ఈ పిల్లలకు అరగదు. విరేచనాలు పట్టుకుంటాయి, కొన్నిటికి కళ్లలో శుక్లాలు వచ్చి గుడ్డివవుతాయి. రోడ్డు మీద దొరికిన పిల్లకు మంచి మనసుతో పాలు పోసి, రెండు రోజులు చూసి, నీరసపడ్డాక తెచ్చి అప్పగించేవాళ్లు ఏటా ఉంటారట.

అయితే ఏ పాలు? ఏ వయసు అని అడగాలి. తల్లి పాలు మొదటి నెలల్లో పల్చగా, చక్కెర ఎక్కువగా, కొవ్వు తక్కువగా ఉంటాయి. పిల్ల పెరిగేకొద్దీ అవి తిరగబడతాయి. చివరికి కొవ్వు చిక్కబడుతుంది, చక్కెర దాదాపు మాయమవుతుంది. మన ఆవూ గేదే ఇలా మార్చవు, జున్నుపాలు అయ్యాక ఇంచుమించు ఒకటే పాలు. కంగారూ తల్లి మాత్రం వంట మారుస్తూనే ఉంటుంది. పైగా ఆ మార్పు పిల్ల అడిగితే వచ్చేది కాదు, తల్లి గడియారం ప్రకారం వచ్చేది. పరిశోధకులు టామర్ వాలబీల్లో రెండు నెలల పిల్లల్ని తీసి, పాల దశలో వాటి తల్లులకన్నా ముందుకెళ్లిపోయిన పెంపుడు తల్లుల సంచిలో పెట్టి చూశారు. తల్లి తన దశ పాలే ఇచ్చింది, పిల్ల ఆ చిక్కటి పాలు తాగి వయసుకు మించి వేగంగా పెరిగింది. పిల్ల ఎదుగుదలను పాలు లాక్కుపోతాయన్నమాట.

అందుకే ఇక్కడ దుకాణంలో దొరికే కంగారూ పాలపొడి డబ్బాల మీద 0.4, 0.6, 0.7 అని అంకెలుంటాయి. కిలోలూ కావు, నెలలూ కావు. సంచిలో ఉండాల్సిన మొత్తం కాలంలో ఎన్నో వంతు గడిచింది అని. ఆవిడ పిల్ల పాదం పొడవు, తోక పొడవు టేపుతో కొలిచి, గోడ మీది పట్టికలో చూసి, ఇది సుమారు 150 రోజులది అంది. బరువు అర కిలో కూడా లేదు. ఈ జాతి సంచిలో ఉండేది ఇంచుమించు 320 రోజులు. 150ని 320తో భాగించు. 0.47. అంటే 0.4 డబ్బా. జూన్ మధ్యలో 190 రోజులు దాటాక 0.6 డబ్బా కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చింది. జూలై మూడో వారంలో మూడోది. నాలాంటి అకౌంట్సు వాడికి ఇంతకన్నా ఇష్టమైన పసిపిల్ల ఉంటుందా చెప్పు.

పొడుగాటి సన్న నిపుల్ ఉన్న సీసాతో, కళ్లు చేత్తో మూసి, సంచిలోనే ఉంచి పట్టాలి. మొదట్లో మూడు నాలుగు గంటలకోసారి. రాత్రి రెండు గంటల వంతు శని ఆదివారాల్లో నాది. కొన్నాళ్లకు కళ్లు తెరిచింది. తర్వాత చెవులు నిలబడ్డాయి, ఒంటి మీద వెల్వెట్ లాంటి నూగు వచ్చింది.

తల్లి దగ్గరే ఉంటే ఎలా జరిగేదో చెప్తా, మళ్లీ ఎర్ర కంగారూ లెక్కలోకి రా. 150 రోజులప్పుడు మొదటిసారి తల బయట పెడుతుంది. తల్లి మేస్తూ వంగినప్పుడు తనూ సంచిలోంచే నాలుగు గడ్డిపరకలు కొరుకుతుంది. 190 రోజులకు బయట పడుతుంది. పడుతుంది అనే అనాలి, ఎందుకంటే తల్లి సంచి మూతి కండరం వదులు చేసి వంగితే ఇది దొర్లి నేల మీదికి వస్తుంది. నిమిషంలో భయమేసి మళ్లీ లోపలికి. తల ముందు పెట్టి దూకి, లోపల పిల్లిమొగ్గ వేసి తిరుగుతుంది. 235 రోజులకు తల్లి ఇక లోపలికి రానివ్వదు. పాలు మాత్రం ఏడాది నిండేదాకా ఇస్తుంది, పిల్ల బయట నిలబడి సంచిలోకి తల దూర్చి తాగుతుంది.

ఎందుకు రానివ్వదు? లోపల ఇంకొకరు దిగబోతున్నారు కాబట్టి. తల్లి కనిన ఒకటి రెండు రోజుల్లోనే మళ్లీ జతకడుతుంది. ఆ పిండం వంద లోపు కణాల చిన్న బంతిగా అయ్యాక ఆగిపోతుంది. చావదు, పెరగదు. సంచిలో పిల్ల చప్పరిస్తున్నంత కాలం అలా కునుకు తీస్తుంది. 204వ రోజు ప్రాంతంలో, పెద్దది బయట తిరుగుతూ తాగడం తగ్గిస్తుండగా, అది నిద్ర లేచి పెరగడం మొదలెడుతుంది. పెద్దది సంచి వదిలిన మర్నాడో ఆ మర్నాడో చిన్నది పుట్టి, పాకి, ఖాళీగా ఉన్న మొన అందుకుంటుంది. ఇప్పుడు చూడు వాసూ, పక్కపక్క రెండు మొనలు. ఒకదాంట్లో చిటికెడు బియ్యమంత పిల్లకు పల్చటి తీపి పాలు, రెండోదాంట్లో గెంతే పిల్లకు చిక్కటి కొవ్వు పాలు. ఒకే ఒంట్లో, ఒకే నెత్తురులోంచి, ఒకే రోజు. కడుపులో అప్పటికే మూడోది కునుకులో. పిల్లలెవరూ మొనలు మార్చుకోరు. పెద్దదాని మొన సాగి పొడుగ్గా ఉంటుంది, చిన్నదాని నోట్లో పట్టదు.

ఇదంతా వానలు బాగున్న ఏడాది మాట. కరువొస్తే పాలు సరిపోవు, సంచిలో పిల్ల రెండు నెలల వయసు దగ్గర చనిపోతుంది. చప్పరింపు ఆగుతుంది, కునుకులో ఉన్నది లేచి పుడుతుంది, అదీ రెండు నెలలు బతుకుతుంది. ఇలా వరసగా జరిగి, కరువు మరీ ముదిరితే తల్లి ఎదకు రావడమే మానేస్తుంది. వాన పడ్డ నాడు సిద్ధంగా ఒకటి సంచిలో ఉంటే చాలన్నట్టు ఉంటుంది ఈ లెక్క. కఠినమే. చెల్లెమ్మకు ఈ పేరా చదివి వినిపించకు.

మా దగ్గర బూడిద కంగారూలకు మామూలుగా ఈ దాచుకునే అలవాటు లేదు. వాటి పిల్ల పదకొండు నెలలు సంచిలోనే ఉంటుంది, ఏడాదిన్నర దాకా పాలు తాగుతుంది. సంచి జంతువులన్నీ ఒకే పద్ధతి కాదు మరి. కోలా పిల్లకు ఆరు నెలలప్పుడు తల్లి మెత్తటి పేడలాంటిది తినిపిస్తుంది, యూకలిప్టస్ ఆకు అరిగించే సూక్ష్మజీవులు దాంట్లోంచే పిల్ల పేగులోకి చేరతాయి. వాంబాట్ నేల తవ్వుతుంది కాబట్టి దాని సంచి మూతి వెనక్కి ఉంటుంది, మట్టి లోపల పడకుండా. అమెరికా ఒపోసమ్‌కు సాధారణంగా 13 మొనలు, పుట్టేవి ఇరవై దాకా. మొన దొరకని వాటికి రెండో అవకాశం లేదు.

సరే, మన పిల్ల సంగతితో ఆపేస్తాను. ఇప్పుడు ఆగస్టు చివర, దానికి 265 రోజులు, రెండున్నర కిలోలు, ఒళ్లంతా బొచ్చు. దాని సంచి ఇప్పుడు తలుపు గడియకు తగిలించి ఉంటుంది, నేలకు జానెడు ఎత్తులో. పోయిన ఆదివారం ఆవిడ సంచి మూతి వదులు చేసి పట్టుకుంది. ముందు రెండు చెవులు, తర్వాత ముక్కు, తర్వాత మొత్తం దబ్బున కార్పెట్ మీద. లేచి నిలబడబోతే వెనక కాళ్లు ఒకదానికొకటి తగులుకున్నాయి. తోక ఎక్కడ పెట్టాలో తెలీక ఒక పక్కకు ఒరిగిపోయింది. రెండు గెంతులు వేసింది. అప్పుడే ఆవిడ వంటగదిలో కుక్కరు లాంటిదేదో చప్పుడు చేసింది. అంతే, వెనక్కి తిరిగి తలకిందులుగా సంచిలోకి దూకింది. లోపల గుడ్డంతా బుడబుడా కదిలింది. కాసేపటికి సంచి అంచు మీద ఒక పొడుగాటి పాదం, దాని పక్కనే ముక్కు, రెండూ ఒకేచోట తేలాయి.

వీడియో పంపుతున్నాను, పాపకి చూపించు. పాల వేళ దాటిపోతోంది, వెళ్లాలి. అన్నట్టు, పాప బరువు ప్రతి బుధవారం పంపుతానన్నావు, మర్చిపోకు. ఇక్కడ గోడ మీది పట్టిక పక్కనే ఇంకో గీత గీసి పెట్టాను.

నీ
శీను